తాడిచెట్టుకు మూడు ఎత్తులు

నా పదో తరగతి లెక్కల నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో 1987 జనవరి నెలలో రాసుకున్న ఒక పేజీలో, మా బడి ఆటస్థలానికి నైరుతి మూలనున్న ఒకే ఒక్క తాడిచెట్టుకు మూడు ఎత్తులు వరుసగా కనిపిస్తాయి. మొదటిది 12.95 మీటర్లు, రెండోది 15.8 మీటర్లు, మూడోది 14.3 మీటర్లు. మొదటి రెండింటి మీదా ఎర్ర సిరాతో గీత కొట్టి ఉంది. ఆ గీతలు మా లెక్కల మాస్టారివి. భాగహారంలో తప్పు లేకపోయినా ఆయన వాటిని ఎందుకు కొట్టేశారో తెలుసుకోవడానికి మాకు ఆ సాయంత్రమంతా పట్టింది.

మాది గుడివాడకు దగ్గరలో ఒక పల్లెటూరు. సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో మాస్టారు సరూప త్రిభుజాల పాఠం ముగించి, నల్లబల్ల మీద బొమ్మ చెరిపేసి, మమ్మల్ని బయటికి రమ్మన్నారు. ఒక వెదురు కర్రను భూమిలో పాతించి, పైన సరిగ్గా ఒక మీటరు ఉండేలా కొలిపించారు. కర్ర మొత్తం పొడవు కాదు, నేల పైన ఉన్న పొడవే లెక్కలోకి వస్తుందని గుర్తుచేశారు. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండూ తాడూ తెప్పించి, కర్ర ఏ పక్కకూ ఒరగలేదని రెండు వైపుల నుంచీ చూపించారు. సూర్యుడు చాలా దూరంలో ఉన్నాడు కనుక ఆయన కిరణాలు కర్రనూ చెట్టునూ ఒకే వాలులో తాకుతాయి. కర్ర, దాని నీడ, కర్ర కొన నుంచి నీడ కొనకు వచ్చే కిరణం కలిసి ఒక లంబకోణ త్రిభుజం అవుతాయి. చెట్టు, దాని నీడ, దాని కొన నుంచి వచ్చే కిరణం కలిసి మరొకటి అవుతాయి. కోణాలు సమానం కనుక రెండూ సరూపాలు, కాబట్టి కర్ర తన నీడలో ఎన్నో వంతు ఉందో చెట్టు కూడా తన నీడలో అన్నో వంతే ఉంటుంది. ఇంతవరకు తరగతిలో విన్నదే.

మేము రెండు జట్లయ్యాం. బడికి ముప్పై మీటర్ల టేపు ఒక్కటే ఉండేది. మూడున్నర గంటలకు మా జట్టు ఆ టేపుతో తాడిచెట్టు నీడ కొలిచింది. మాను మధ్య నుంచి నీడ కొన వరకు 24.6 మీటర్లు వచ్చింది. అదే సమయంలో రెండో జట్టు మీటరు బద్దతో కర్ర నీడ కొలిచి, 172 సెంటీమీటర్లని రాసుకుంది. ఆ తర్వాత ఇరుజట్లూ చోట్లు మారాయి. టేపు చుట్టుకోవడం, మాటలు, పేచీలు అన్నీ కలిసి పన్నెండు నిమిషాలు గడిచాయి. అప్పుడు మేము కొలిచిన కర్ర నీడ 190 సెంటీమీటర్లు, వాళ్ళు కొలిచిన చెట్టు నీడ 27.2 మీటర్లు. మేము 24.6ను 1.90తో భాగిస్తే 12.95 వచ్చింది. వాళ్ళు 27.2ను 1.72తో భాగిస్తే 15.8 వచ్చింది. ఒకే చెట్టు, ఒకే మధ్యాహ్నం, కానీ తేడా దాదాపు మూడు మీటర్లు. మాదే సరి అంటే మాదే సరి అని రెండు జట్లూ వాదించుకున్నాయి.

మాస్టారు ఎవరి పక్షమూ తీసుకోలేదు. కర్ర నీడ కొన దగ్గర ఒక చీపురుపుల్ల గుచ్చి, "ఒరేయ్, మీరంతా దీని చుట్టూ కూర్చుని పది నిమిషాలు ఊరికే చూడండి" అన్నారు. మేము చూశాం. నీడ కొన పుల్లను దాటి, కంటికి తెలిసేంత నెమ్మదిగా ఈశాన్యం వైపు జరుగుతూ పోయింది. పది నిమిషాలయ్యేసరికి జానెడు దాకా ముందుకు వెళ్ళింది. నీడ కదులుతుందని మాకు తెలియని విషయమేమీ కాదు గాని, లెక్కను పాడుచేసేంత వేగంగా కదులుతుందని మాత్రం మేము అనుకోలేదు. జనవరి చివరలో మా ప్రాంతంలో మూడున్నరకు సూర్యుడు దిక్చక్రానికి ముప్పై డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అక్కడి నుంచి పది నిమిషాల్లో దాదాపు రెండు డిగ్రీలు దిగుతాడు. ఆ రెండు డిగ్రీలకే నీడ ఎనిమిది శాతం పెరుగుతుంది. అంటే మేము కొలిచిన రెండు త్రిభుజాలూ సరూపాలే కావు, ఎందుకంటే ఒకదానిలోని కిరణం మూడున్నరది, రెండోదానిలోని కిరణం నాలుగుకు పావుగంటకు పైగా ముందుది.

మరునాడు అదే వేళకు ఆయన ఒక ఈల తెచ్చారు. ఒకడు చెట్టు నీడ కొన దగ్గర, మరొకడు కర్ర నీడ కొన దగ్గర చేతిలో పుల్లలతో కూర్చోవాలి. ఈల మోగగానే ఇద్దరూ ఒక్కసారే పుల్లలు గుచ్చాలి. ఆ తర్వాత సూర్యుడు ఎటు పోయినా మనకు పని లేదు, తీరిగ్గా టేపుతో కొలుచుకోవచ్చు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కొలత సమయాన్నీ గుర్తు పెట్టే సమయాన్నీ విడదీయడంతో ఒక్క టేపే ఉన్నా సరిపోయింది. ఆ రోజు చెట్టు నీడ 24.6 మీటర్లు, కర్ర నీడ 172 సెంటీమీటర్లు, ఎత్తు 14.3 మీటర్లు. నోటుపుస్తకంలో గీత పడనిది ఆ అంకె ఒక్కటే.

పుల్ల గుచ్చేటప్పుడు మరో చిక్కు ఎదురైంది. చెట్టు నీడ కొన దగ్గర కూర్చున్న నాకు కొన అనేదే దొరకలేదు. కర్ర నీడ అంచు చక్కగా కనిపిస్తుంటే, తాడిచెట్టు నీడ చివర మాత్రం దాదాపు అరమీటరు మేర మసకగా ఉంది. ఎక్కడ నీడ ముగిసిందో, ఎక్కడ ఎండ మొదలైందో చెప్పలేని స్థితి. మాస్టారు తన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి ఆ చోట పరిచారు. తెల్లటి బట్ట మీద ముదురు నీడ కొద్దికొద్దిగా పలచబడుతూ ఎండలో కలిసిపోవడం స్పష్టంగా కనిపించింది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. ఆ బింబం పూర్తిగా మరుగైన చోట నిండు నీడ, కొంత మాత్రమే మరుగైన చోట ఉపచ్ఛాయ. కర్రకు కూడా ఆ మసక ఉంటుంది గాని, మీటరు కర్రకు అది రెండు వేళ్ళ వెడల్పే కనుక మనం గమనించం. వస్తువు ఎన్ని రెట్లు పెద్దదైతే మసక కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. అందువల్ల ఒకచోట నిండు నీడ చివరను, మరోచోట మసక చివరను పట్టుకుంటే లెక్క తప్పుతుంది, రెండు చోట్లా మసక మధ్యను పట్టుకుంటే సరిపోతుంది. నేను తువ్వాలు మధ్యలో, ముదురుకూ వెలుతురుకూ సగంగా ఉన్న చోట పుల్ల గుచ్చాను.

ఇక ఈ 14.3 నిజమా కాదా అన్న ప్రశ్న మిగిలింది. అది తాళ్ళు గీసే కాలం. ఆ చెట్టును గీసే బాబాయి రోజూ సాయంత్రం బడి పక్కనుంచే వచ్చేవాడు. మాస్టారు అడగ్గానే నడుముకు మోకు బిగించుకుని పైకెక్కి, మట్టల మొదట్లో కూర్చుని, రాయి కట్టిన తాడును కిందికి వదిలాడు. తాడు పొడవు 12.8 మీటర్లు వచ్చింది. అక్కడి నుంచి అన్నిటికన్నా పైకి లేచిన ఆకు చివరకు మరో 1.3 మీటర్లని కర్ర పెట్టి చూసి చెప్పాడు. మొత్తం 14.1 మీటర్లు. మా లెక్కకూ దీనికీ తేడా ఇరవై సెంటీమీటర్లే కనుక మేము సంబరపడిపోయాం. మాస్టారు మాత్రం ఆ ఇరవై సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలన్నారు.

ఆయన పైకి కేకవేసి, "ఆ పై ఆకు ఒక్కటే పట్టుకుని ఊపు" అన్నారు. మేము నీడ వైపు చూశాం. నేల మీద కదిలిన ఆకు నీడ నీడ అంచు దగ్గర లేదు. అంచుకు జానెడున్నర లోపల కదులుతోంది. అంచు దగ్గర నీడను వేస్తున్నది అన్నిటికన్నా పై ఆకు కాదు, దానికి కాస్త కిందగా, సూర్యుడికి ఎదురు దిక్కున పక్కకు చాచుకున్న మరో ఆకు. అది ఎత్తులో తక్కువే అయినా మాను నుంచి దూరంగా ఉంది కనుక దాని నీడ ఇంకా దూరం పడింది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. పైన ఒక మనిషి ఆకును ఊపుతున్నాడు, కింద ముప్పై మంది పిల్లలు మోకాళ్ళ మీద వంగి, కదిలే నీడ కోసం నేలను వెతుకుతున్నారు.

తాడిచెట్టు తల ఇంచుమించు బంతిలా ఉంటుంది. బంతిని ఒక పక్క నుంచి వచ్చే కిరణం తాకి వెళ్ళే చోటు బంతి నెత్తి కాదు, నెత్తికి అవతలి పక్క. సూర్యుడు కిందికి ఉంటే ఆ చోటు నెత్తికి దగ్గరగా ఉంటుంది, పైకి లేచిన కొద్దీ పక్కకు జారుతుంది. తల వ్యాసార్థం 1.3 మీటర్లున్న మా తాడిచెట్టుకు సూర్యుడు ముప్పై డిగ్రీల మీద ఉన్నప్పుడు ఈ కారణంగా ఎత్తు ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. సరిగ్గా మాకు వచ్చిన తేడా అదే. అదే చెట్టును ఆ జనవరిలోనే నడిమధ్యాహ్నం, సూర్యుడు యాభై మూడు డిగ్రీల మీద ఉండగా కొలిస్తే తప్పు దాదాపు తొంభై సెంటీమీటర్లయ్యేది. కొమ్మలు నలుదిక్కులా ఆరేసి మీటర్లు చాచిన చింతచెట్టునైతే మధ్యాహ్నం కొలిస్తే నాలుగు మీటర్లు ఎక్కువ చూపిస్తుంది, సాయంత్రం ఒక మీటరు లోపే ఎక్కువ చూపిస్తుంది. గుబురు చెట్లను కొలవడానికి వాలుపొద్దే మంచిదని అందుకే ఆయన అనేవారు. వాలుపొద్దు వేళ నీడ త్వరగా పెరుగుతుంది కనుక అప్పుడు ఈల మరింత అవసరం.

ఆ ఆదివారం మా జట్టులో నలుగురం మాస్టారికి చెప్పకుండా శివాలయం గాలిగోపురం ఎత్తు కొలవాలని బయలుదేరాం. అది మూడంతస్తుల చిన్న గోపురం, తూర్పు ముఖం, పైన ఒకే వరుసలో మూడు కలశాలు. నీడ ఈశాన్యంగా గుడి ముందరి వీధిలో పడింది. ఈల లేదు గాని ఒకడు చప్పట్లు కొట్టాడు. కలశం నీడ కొన దగ్గర ఒక పుల్ల, కర్ర నీడ కొన దగ్గర మరో పుల్ల. గోపురం ఈశాన్యపు మూల నుంచి పుల్ల వరకు టేపు లాగితే 15.26 మీటర్లు. కర్ర నీడ ఆ రోజు కూడా 172 సెంటీమీటర్లే. ఎత్తు 8.87 మీటర్లని తేల్చి, సోమవారం ఉదయం గర్వంగా చూపించాం.

మాస్టారు అంకె చూసి, "నీడ ఎక్కడ మొదలైంది?" అని ఒక్క మాట అడిగారు. మూలన మొదలైందన్నాం. "తాడిచెట్టు నీడ కొలిచినప్పుడు మాను మధ్య నుంచి కొలిచారు కదా, కలశం మూల మీద ఉందా?" అన్నారు. అప్పుడు మాకు తెలిసింది. త్రిభుజంలో నిలువు భుజం కలశం కొన నుంచి తిన్నగా కిందికి దిగాలి. అది దిగేది గోపురం లోపలికి, ద్వారం మధ్యకు. నీడ అక్కడ మొదలై, కొంత దూరం గోపురం కిందే దాగి, ఆ తర్వాత వీధిలోకి వస్తుంది. వీధిలో కనిపించేది నీడలో ఒక భాగమే.

ద్వారం మధ్య నుంచి ఈశాన్యానికి టేపు లాగడానికి గోడ అడ్డం. అందుకు ఆయన చెప్పిన ఉపాయం ఇప్పటికీ నేను వాడతాను. పుల్ల నుంచి ద్వారం మధ్యకు తిన్నగా వెళ్ళలేకపోతే, తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత అని రెండు ముక్కలుగా కొలవాలి. ద్వారం మధ్య నుంచి గోపురం ముందు ముఖం వరకు మూడు మీటర్లు, అక్కడి నుంచి తూర్పుగా పదమూడు మీటర్లు, మొత్తం పదహారు. ద్వారం మధ్య గీత నుంచి ఉత్తరంగా పుల్ల వరకు పన్నెండు. పదహారు వర్గం 256, పన్నెండు వర్గం 144, కలిపితే 400, దాని వర్గమూలం ఇరవై. నీడ నిజమైన పొడవు ఇరవై మీటర్లు. దాన్ని 1.72తో భాగిస్తే 11.63 మీటర్లు. మూల నుంచి కొలవడం వల్ల మేము పోగొట్టుకున్నది దాదాపు మూడు మీటర్ల గోపురం.

ఈజిప్టులోని పెద్ద పిరమిడ్ సంగతి ఆయన ఆ సందర్భంలోనే చెప్పారు. గ్రీకు దేశపు థేలీస్, మనిషి నీడ మనిషంత పొడవు ఉన్న వేళ చూసి పిరమిడ్ నీడ కొలిచి ఎత్తు చెప్పాడని పాత కథనం. ఆ పిరమిడ్ అడుగు ఒక్కో వైపు సుమారు 230 మీటర్లు, కట్టినప్పటి ఎత్తు సుమారు 146 మీటర్లు. సూర్యుడు ఒక ముఖానికి ఎదురుగా నలభై ఐదు డిగ్రీల మీద ఉంటే నీడ శిఖరం కింద నుంచి 146 మీటర్లు సాగుతుంది. అందులో 115 మీటర్లు పిరమిడ్ కడుపులోనే ఉండిపోతాయి, బయట ఇసుక మీద కనిపించేది 31 మీటర్లే. థేలీస్ నిజంగా కొలిచి ఉంటే అడుగులో సగం కలుపుకోకుండా కొలిచి ఉండలేడని మాస్టారు నిశ్చయంగా అన్నారు. మా శివాలయం ద్వారంలో మేము కలుపుకున్న మూడు మీటర్లూ అటువంటివే.

మన దేశంలోనూ నీడ లెక్కలు పాతవేనని, నిలువు పుల్లను శంకువు అనేవారని, దాన్ని పన్నెండు అంగుళాలు, అంటే పన్నెండు వేళ్ళ వెడల్పంత ఎత్తుగా తీసుకునేవారని ఆయన చెప్పారు. ఆర్యభటుడు దీపం వెలుగులో పడే శంకువు నీడకు సూత్రం ఇచ్చాడు. దీపానికి వేరే సూత్రం ఎందుకని అడిగితే, రాత్రి వీధిదీపం కింద నడిచి చూడమన్నారు. నడిచాను. స్తంభానికి దగ్గరగా ఉంటే నా నీడ కురచ, దూరంగా పోతే పొడుగు. పగటి ఎండలో ఊరంతా తిరిగినా ఆ వేళకు నా నీడ పొడవు ఒక్కటే. దీపం కిరణాలు ఒకే చోటు నుంచి విప్పారి వస్తాయి కనుక కర్రకూ చెట్టుకూ ఒకే వాలు ఉండదు, కర్ర దీపానికి ఎంత దూరంలో ఉందన్నది కూడా లెక్కలో చేరుతుంది.

రెండేళ్ళ తర్వాత గోపురానికి రంగులు వేయించారు. పరంజా ఎక్కిన మేస్త్రీ నా బలవంతం మీద కలశం కొన నుంచి టేపు వదిలాడు. 11.75 మీటర్లు. తాడిచెట్టు ఎత్తు మాకు ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది, గోపురం పన్నెండు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. అప్పటికి మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయారు, నాకు నేనే కారణం వెతుక్కోవలసి వచ్చింది. కలశం చివర బొటనవేలంత సన్నం. అంత సన్నని వస్తువు నిండు నీడ దాని వెడల్పుకు నూరు రెట్ల దూరం దాటగానే మాయమవుతుంది, అంటే మూడు మీటర్లకు మించి ఉండదు. కలశం కొన నుంచి వీధిలోని పుల్ల వరకు కిరణం వచ్చిన దూరం ఇరవై మూడు మీటర్లు. అంత దూరంలో కొన నీడ ఎండలో కరిగిపోయి, నేల మీద మాకు దొరికింది కలశం లావు భాగపు నీడే. ఈ కారణం దొరికిన రోజు ఆ అంకెను కొట్టేయకుండా, దాని పక్కనే రాసి ఉంచాను.

తాడిచెట్టు ఇప్పుడు లేదు. మొన్న జనవరి చివరలో ఊరికి వెళ్ళినప్పుడు మా మేనకోడలికి ఈల ఇచ్చి, గోపురం ముందు మీటరు కర్ర పాతాను. కర్ర నీడ కర్రంతే ఉండే వేళ ఆ రోజుల్లో మా ఊళ్ళో రెండు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు వస్తుంది, అప్పుడు భాగహారమే అక్కర్లేదు. మూడు కలశాల నీడలు వీధిలో పక్కపక్కనే పడ్డాయి. "మావయ్యా, వీటిలో మనది ఏది?" అని అడిగింది. ద్వారం మధ్యకు నేరుగా ఉన్నది నడిమి కలశమే కనుక దాని నీడ చూపించాను. నీడ మసక మధ్యలో తనే పుల్ల గుచ్చి, వెంటనే ఈల ఊది, కర్ర నీడ 100 సెంటీమీటర్ల దగ్గర నా పుల్ల పడిందో లేదో చూసుకుంది. తూర్పుకు ఏడు మీటర్లు, ఉత్తరానికి తొమ్మిది మీటర్ల ముప్పై ఐదు. వర్గాలు కలిపి వర్గమూలం తీసి, నా పాత నోటుపుస్తకంలో 11.63 కింద 11.68 అని రాసింది.